స్నేహితురాళ్లతో వారాంతం సినిమా: ఏది ఎవరికి సరిపోతుంది?

ఆడవాళ్ల స్నేహం మీద మంచి సినిమా చెప్పమంటే చాలామంది పోస్టర్ చూసి చెప్పేస్తారు. ముగ్గురో నలుగురో అమ్మాయిలు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని నవ్వుతుంటే చాలు, అది స్నేహం సినిమా అయిపోతుంది. ఆ లెక్కన పెట్టుకుంటే శనివారం రాత్రి పాడైపోయే ప్రమాదం ఉంది. 2015లో వచ్చిన హిందీ సినిమా 'యాంగ్రీ ఇండియన్ గాడెసెస్' సంగతే చూడండి. గోవాలో ఓ ఇల్లు, పెళ్లి కబురు విని వచ్చిన స్నేహితురాళ్లు, పాటలు, తిట్లు, పాత కథలు. చాలాసేపు అంతా సరదాగానే నడుస్తుంది. తర్వాత వాళ్లలో ఒకరి మీద అఘాయిత్యం, చావు, పోలీసుల ప్రశ్నలు. ఆ సినిమా కోపంలో న్యాయం ఉంది, నేను కాదనను. కానీ కాలేజీ రోజుల గురించి మాట్లాడుకుంటూ నవ్వుకోవాలని చేరినవాళ్లకు అర్ధరాత్రి దాకా నిద్ర పట్టకుండా చేసే సినిమా అది. మలయాళం 'నోట్‌బుక్' (2006) కూడా అంతే. హాస్టల్లో ముగ్గురు స్కూలు పిల్లల అల్లరితో మొదలై, సగం దాటేసరికి విషాదంలోకి దిగిపోతుంది.

అందుకని ఎవరైనా అడిగితే నేను ముందు చూసేది ఆఖరి అరగంటను. సినిమా ఎలా మొదలైందన్నది తర్వాతి మాట. మనసు తేలికపడి లేస్తామా, బరువెక్కి లేస్తామా? ఏడిపించినా ఫర్వాలేదు, ఏడుపు తర్వాత ఏం మిగులుతుందన్నది ముఖ్యం. రెండోది, స్నేహం మన కళ్ల ముందు పుడుతుందా, లేక 'వీళ్లు స్నేహితులు' అని మనకు ముందే చెప్పేసి కథ ఇంకెటో పోతుందా? 'సాకిని డాకిని' (2022)లో రెజీనా, నివేదా థామస్ పోలీసు శిక్షణలో కొట్టుకుంటూ దగ్గరయ్యే భాగం బాగుంటుంది. ఆ తర్వాతంతా కిడ్నాపులూ ఫైటింగులూ. అది వేరే మూడ్‌లో చూడాల్సిన సినిమా.

మూడోది భాష. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వైపు ఇదే అన్నిటికన్నా పెద్ద చిక్కు.

తెలుగులో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల స్నేహమే కథగా నడిచే సినిమాలు తక్కువ. హీరోయిన్ పక్కన స్నేహితురాలు ఉంటుంది గానీ ఆమె పని ఉత్తరం అందించడమో, హీరో గురించి రెండు మంచి మాటలు చెప్పడమో. కాబట్టి తమిళం, హిందీ, మలయాళం వైపు చూడక తప్పదు. ఇక్కడ నెల్లూరు వాళ్లకూ ఒంగోలు వాళ్లకూ తేడా వస్తుంది. నెల్లూరు దక్షిణం వైపు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు పుట్టినవాళ్లకు అరవం చెవిన పడి పెరిగిన అలవాటు ఉంటుంది. మాట్లాడలేకపోయినా సినిమా అర్థమవుతుంది. ఆసుపత్రికో, పెళ్లి బట్టలకో మద్రాసు వెళ్లి వచ్చే ఇళ్లు అవి. కందుకూరు, ఒంగోలు దాటి పైకి పోతే ఆ సౌకర్యం ఉండదు, అటువైపు వాళ్లకు హిందీ అయినా తమిళమైనా ఒకటే, సబ్‌టైటిల్స్ చదవాల్సిందే. గుంపులో పెద్దవాళ్లుంటే, వాళ్లు టీవీ మీద గబగబా మారిపోయే అక్షరాలు చదవలేకపోతే, ఎంత గొప్ప సినిమా అయినా పది నిమిషాల్లో 'ఏమంటందే ఆ పిల్ల?' అన్న ప్రశ్న మొదలవుతుంది. పక్కనున్న ఆమె అనువాదం చెప్పడం మొదలుపెడితే ఆమెకూ సినిమా పోయినట్టే.

ఇక అసలు పేర్లు. అన్నిటికీ ఒకే కొలత పెట్టడం లేదు. కొన్నిటి గురించి చెప్పాల్సింది ఎక్కువుంది.

లాపతా లేడీస్

కిరణ్ రావు తీసిన హిందీ సినిమా, 2024 మార్చిలో థియేటర్లలోకి వచ్చింది. ఆ ఏడాది ఆస్కార్‌కు మన దేశం తరఫున పంపింది దీన్నే. నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. నిడివి రెండు గంటల పైన కొద్ది నిమిషాలే.

కథ చాలామందికి తెలిసే ఉంటుంది. 2001లో, కిక్కిరిసిన రైల్లో, ముఖాల మీదికి ముసుగు లాక్కున్న ఇద్దరు కొత్త పెళ్లికూతుళ్లు. చీకట్లో పెళ్లికొడుకు దీపక్ పొరపాటున జయ అనే వేరే అమ్మాయిని చెయ్యి పట్టుకుని దించేసుకుంటాడు. అతని భార్య ఫూల్ ఎక్కడో స్టేషన్లో ఒంటరిగా దిగుతుంది. ఆమెకు అత్తగారి ఊరి పేరు కూడా సరిగా తెలీదు.

దీన్ని స్నేహం సినిమా అంటే కొందరు ఒప్పుకోరు, ఎందుకంటే ఆ ఇద్దరు అమ్మాయిలు ఆఖర్లో తప్ప ఎదురుపడరు. నిజమే. కానీ ఇద్దరికీ చెరో చోట, పరిచయం లేని ఆడవాళ్లతో స్నేహం కుదురుతుంది. నా దృష్టిలో సినిమా ప్రాణం అదే. ఫూల్‌కు స్టేషన్లో టీ కొట్టు నడిపే మంజూమాయి దొరుకుతుంది. ఛాయా కదమ్ వేసిన ఆ పాత్ర ముందు కసురుకుంటుంది, తర్వాత నీడనిస్తుంది, అంతేగానీ ఎక్కడా తల నిమిరి ఓదార్చదు. ఫూల్ తనకు వచ్చిన కలాకండ్ చేస్తుంది, కొట్లో అమ్ముడుపోతుంది, మంజూమాయి దానికి డబ్బులు లెక్కపెట్టి చేతిలో పెడుతుంది. వంట చేసినందుకు తనకు డబ్బులేంటని బిత్తరపోయిన ఫూల్ ముఖం చూడండి. జాలి చూపించకుండా, ఇంకో ఆడమనిషి పనికి విలువ కట్టి ఇవ్వడం కూడా స్నేహమే అని ఆ ఒక్క సీన్ చెప్పకుండానే చెబుతుంది.

అటు జయ చేరిన ఇంట్లో ఇంకో ముచ్చట. దీపక్ వాళ్లమ్మ వండిన తామర తూడు కూర బాగుందని జయ అంటే ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. కూరను మెచ్చుకోవడం ఆ ఇంట్లో లేదు. తనకేం తినడం ఇష్టమో ఆ తల్లి ఎప్పుడో మర్చిపోయింది, మొగుడికీ కొడుక్కీ నచ్చేవే వండుతూ వచ్చింది. ఆడవాళ్లు అత్తలవుతారు, ఆడబిడ్డలవుతారు, తోడికోడళ్లవుతారు, స్నేహితులు మాత్రం కాలేకపోతారన్న మాట ఆ ఇంట్లోనే వస్తుంది. అత్తాకోడళ్లు కలిసి చూస్తే ఆ చోట ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

ఎవరికి సరిపోదంటే, హిందీ రాక, సబ్‌టైటిల్స్ చదవలేని పెద్దవాళ్లకు. ఇందులో నవ్వు సగం మాటల్లోనే ఉంది, ముఖ్యంగా రవికిషన్ వేసిన ఎస్సై పాత్రలో. మాట అర్థం కాకపోతే సగం పోయినట్టే.

మగళిర్ మట్టుం, రెండు ఉన్నాయి జాగ్రత్త

ఈ పేరుతో తమిళంలో రెండు సినిమాలున్నాయి. 1994లో ఒకటి, 2017లో ఒకటి. కథకు కథకు సంబంధం లేదు. అయోమయం ఎక్కడంటే, ఊర్వశి రెండిట్లోనూ ఉంది, నాజర్ కూడా రెండిట్లోనూ ఉన్నాడు. వెతికితే ఏది ముందు వస్తుందో చెప్పలేం. జ్యోతిక కనబడితే అది 2017ది. రేవతి, రోహిణి కనబడితే పాతది.

కొత్తది బ్రహ్మ తీశాడు, సూర్య నిర్మించాడు. ఊర్వశి, భానుప్రియ, శరణ్య ఒకప్పుడు స్కూల్లో ప్రాణ స్నేహితురాళ్లు. తర్వాత ఎవరి పెళ్లి వాళ్లది, ఎవరి ఊరు వాళ్లది, మాటలు కూడా లేవు. ఊర్వశికి కాబోయే కోడలు జ్యోతిక, బుల్లెట్ మీద తిరిగే డాక్యుమెంటరీ డైరెక్టర్, ఆ ఇద్దర్నీ వెతికి పట్టుకుని, మూడు రోజులు ఇంటి నుంచి బయటికి తీసుకుపోతుంది. కథంతా ఇంతే.

దీని బలం భానుప్రియ. పెద్ద ఇల్లు, పెత్తనం చేసే మగవాళ్లు, ఎప్పుడూ ఎవరికో ఏదో అందిస్తూ ఉండే చేతులు. స్నేహితురాలు గుమ్మంలోకి వచ్చినా మనసారా నవ్వడానికి ముందు ఇంట్లోవాళ్ల వైపు చూసుకునే మనిషిగా ఆమె చేసింది చూస్తే, మనకు తెలిసిన ఎవరో ఒకరు గుర్తొస్తారు. మా గుంపులో ఒకామె పాజ్ చేయించి మరీ 'ఇది మా పెద్దక్క' అంది. శరణ్య వైపు తాగే మొగుడి గొడవ ఉంది, కానీ సినిమా ఆ మొగుణ్ణి రాక్షసుణ్ణి చేయకుండా నవ్వుకీ చిరాకుకీ మధ్యలో నిలబెడుతుంది.

లోపం కూడా చెబుతా. రెండో సగంలో జ్యోతిక పాత్రకు ఉపన్యాసం ఎక్కువ. ముగ్గురు పెద్దవాళ్లు చెట్టు కింద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే చూడబుద్ధవుతుంది, ఈ పిల్ల వచ్చి దానికి అర్థం చెప్పేస్తుంది. ఆ చోట్ల వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకురావచ్చు, ఏమీ పోదు. ముగింపు మాత్రం హాయిగా ఉంటుంది. నలభై దాటి, పాత స్నేహితురాళ్ల ఫోన్ నంబర్లు ఈమధ్యే మళ్లీ దొరికినవాళ్లకు ఇంతకన్నా సరిపోయే సినిమా నాకు తెలీదు. అరవం వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇంక ఆలోచించే పనే లేదు.

1994 నాటి పాత సినిమా మన నెల్లూరు జిల్లాకు చుట్టమే. దాన్ని తీసిన సింగీతం శ్రీనివాసరావు ఉదయగిరిలో పుట్టినవారు. నిర్మాత కమల్ హాసన్. తెలుగులోకి 'ఆడవాళ్లకు మాత్రమే' పేరుతో డబ్ అయింది. ఒకే ఆఫీసులో మూడు రకాల ఉద్యోగాలు చేసే ముగ్గురు ఆడవాళ్లు, వాళ్ల వెంట పడే మేనేజరు. అతని కాఫీలో పొరపాటున ఎలుకల మందు పడిందని భయపడి, ఆసుపత్రి నుంచి శవాన్ని ఎత్తుకొస్తే అది ఇంకెవరి శవమో! ఆ శవంగా నాగేశ్ ఒక్క మాట మాట్లాడకుండా నవ్వించాడు. ఊడ్చే పని చేసే రోహిణిని మిగతా ఇద్దరూ సమానంగా కలుపుకునే తీరు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. డబ్బింగ్ ప్రింటు దొరికితే ఎనిమిదేళ్ల నుంచి ఎనభై ఏళ్ల దాకా కూర్చోబెట్టవచ్చు, అయితే మేనేజరు వెకిలి చేష్టల గురించి పిల్లలు అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. మనసును మెత్తబరిచే సినిమా అనలేను, కడుపుబ్బా నవ్వించే సినిమా.

దోర్

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది ఇదే, కానీ అందరికీ చెప్పను.

2006లో నగేశ్ కుకునూర్ తీసిన హిందీ సినిమా. ఆయన హైదరాబాద్ తెలుగువాడే. మూలం 'పెరుమళక్కాలం' అనే మలయాళ సినిమా. హిమాచల్‌లో ఉండే జీనత్ భర్త, రాజస్థాన్‌లో ఉండే మీరా భర్త, ఇద్దరూ సౌదీకి పనికి వెళ్లి ఒకే గదిలో ఉంటారు. ఒకడు చనిపోతాడు, రెండోవాడి మీద హత్య నేరం పడి మరణశిక్ష వేస్తారు. చనిపోయినవాడి భార్య క్షమించానని కాగితం మీద సంతకం పెడితే శిక్ష తప్పుతుంది. జీనత్ చేతిలో ఉన్నది ఒక ఫొటో మాత్రమే. దాన్ని పట్టుకుని రాజస్థాన్‌లో ఊళ్లు తిరిగి, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా అత్తింట్లో చాకిరీ చేస్తున్న పడుచు విధవ మీరాను కనుక్కుంటుంది. కానీ వచ్చిన పని నోటికి రాదు. ముందు స్నేహం కుదిరిపోతుంది.

స్నేహం అబద్ధం మీద మొదలైతే ఏమవుతుందన్న ప్రశ్నను ఇంత ఓపికగా పట్టుకున్న సినిమాలు అరుదు. మీరా మళ్లీ నవ్వడం నేర్చుకుంటున్న కొద్దీ మనకు లోపల భయం పెరుగుతూ ఉంటుంది, ఎందుకంటే నిజం చెప్పాల్సిన రోజు వస్తోందని మనకు తెలుసు. మీరా మామగా గిరీశ్ కర్నాడ్ చాలా తక్కువ మాటలతో ఒళ్లు జలదరించేలా చేశాడు. శ్రేయస్ తల్పడే పగటివేషగాడి పాత్ర లేకపోతే సినిమా మోయలేనంత బరువయ్యేది. ఆఖరి నిమిషాలు రైల్వే ప్లాట్‌ఫారం మీద జరుగుతాయి, అక్కడ ఏమవుతుందో చెప్పను. గుండె నిండుతుందన్నంత వరకు చెబుతాను.

అయితే ముందే ఆలోచించుకోవాల్సిన సంగతులు రెండున్నాయి. మన ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతం నుంచి కువైట్‌కూ, సౌదీకీ వెళ్లినవాళ్లు ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. గల్ఫ్ నుంచి చావు కబురు వచ్చే సీను ఆ ఇళ్లవాళ్లకు సినిమాలా ఉండదు. రెండోది, గుంపులో భర్తను పోగొట్టుకున్నవాళ్లుంటే ఆమెను ముందే పక్కకు పిలిచి, కథ ఇదీ అని చెప్పి, చూస్తావా అని అడగాలి. అడగకుండా పెట్టేసి, మధ్యలో ఆమె వైపు దొంగచూపులు చూడటం కన్నా అన్యాయం లేదు.

పరదా

తెలుగే కావాలంటే ఇది. 2025 ఆగస్టులో వచ్చింది, 'సినిమా బండి' తీసిన ప్రవీణ్ కాండ్రేగుల దర్శకుడు. ప్రైమ్ వీడియోలో పెట్టారు. ఆడవాళ్లంతా ముఖం మీద పరదా వేసుకు తీరాలన్న కట్టుబాటు ఉన్న ఊరు, అక్కడి సుబ్బలక్ష్మిగా అనుపమా పరమేశ్వరన్. పరదా లేని ఆమె ఫొటో ఒక పత్రిక మీద రావడంతో ఊరు మీద పడుతుంది. తన తప్పు లేదని నిరూపించుకోవడానికి ఆ ఫొటో తీసినాయన్ని వెతుక్కుంటూ ధర్మశాల దాకా పోతుంది. తోడుగా ఇల్లు దాటి ఎరగని గృహిణి రత్న, దారిలో కలిసే ఇంజనీరు అమీ. సంగీత, దర్శనా రాజేంద్రన్ ఆ రెండు పాత్రలు చేశారు.

ముగ్గురూ కలిసి ప్రయాణం చేసే భాగమే దీని సొమ్ము. రత్న ప్రతి చిన్నదానికీ కళ్లు పెద్దవి చేసుకుని చూడటం, ఇంటి బాధ్యత దిగిన మనిషి ముఖంలో వచ్చే వెలుగు, సంగీత చాలా సహజంగా చేసింది. కానీ మొదలు, చివర గ్రామదేవత శాపం, గర్భిణులు, ప్రాణత్యాగం లాంటి మాటలు గట్టిగానే ఉన్నాయి. గుంపులో కడుపుతో ఉన్నవాళ్లు ఉంటే ఇది పక్కన పెట్టండి. చెప్పదలచుకున్నది కాస్త ఎక్కువసార్లు చెబుతుంది కూడా. ఐనా పెద్దవాళ్లు, పిల్లలు, సబ్‌టైటిల్స్ అంటే విసుక్కునేవాళ్లు అందరూ ఒకే గదిలో ఉన్నప్పుడు భాష ఒక్కటే చాలా సమస్యలు తీరుస్తుంది.

పేరు విని చాలామంది అడిగే ఇంకొకటి, పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' (2024). కాన్ సినిమా ఉత్సవంలో గ్రాండ్ ప్రీ గెలిచింది. ముంబయి ఆసుపత్రిలో ఇద్దరు మలయాళీ నర్సులు, వంట పని చేసే పార్వతి. ఆ పార్వతి కూడా ఛాయా కదమే. గొప్ప సినిమా, కానీ నిదానంగా, నిశ్శబ్దంగా సాగుతుంది. కబుర్లు చెప్పుకుంటూ చూడలేం, శృంగార దృశ్యాలు కూడా ఉన్నాయి కాబట్టి అత్తగారు, పిల్లలు పక్కనుంటే ఇబ్బంది. ఒకరో ఇద్దరో కూర్చుని దీపాలు ఆపుకుని చూసేది. టబు, కరీనా, కృతి చేసిన 'క్రూ' (2024) దీనికి పూర్తి వ్యతిరేకం: బంగారం దొంగతనం, జోకులు, మేకప్. చూసి మర్చిపోవచ్చు.

ఒక గుంపుకు ఎలా కుదిర్చామంటే

కావలిలో ఉండే నా స్నేహితురాలు మొన్న ఫోన్ చేసింది. నెల్లూరు డీకేడబ్ల్యూలో కలిసి చదివిన నలుగురం మాగుంట లేఅవుట్‌లో ఒకరింట్లో చేరుతున్నాం, నువ్వు సినిమాల పిచ్చిదానివి కదా, ఒకటి చెప్పు అని. నేను 'దోర్' అన్నాను, నాకిష్టం కాబట్టి.

"ఏందిమే, పేరు చెప్పేస్తే అయిపోద్దా? ఎవరెవరు వస్తున్నారో కనుక్కో ముందు" అంది.

సరే, ఎవరెవరు? ఈమెతో పాటు అత్తయ్య, ఐదో తరగతి చదివే కూతురు. ఒంగోలు నుంచి వచ్చే ఆమె భర్త పోయి ఏడాది కూడా కాలేదు. ఇంకొకామె చెన్నైలో స్థిరపడింది. ఇంటామె కళ్లద్దాలు లేకుండా టీవీ చూడలేదు.

'దోర్' అక్కడితోనే ఆగిపోయింది. ఒంగోలు ఆమెను అడిగి చూడొచ్చు గానీ, ఇంతమందిలో 'నాకు వద్దు' అనాలన్నా ఇబ్బందే, 'ఫర్వాలేదు' అనాలన్నా ఇబ్బందే. ఆమెతో విడిగా మాట్లాడదాంలే అనుకున్నాం. 'లాపతా లేడీస్' అంటే అందరికీ సరే, అత్తయ్యకు హిందీ ముక్క రాదు. 'పరదా' పెట్టేద్దామా అంటే, పిల్ల రాత్రిపూట శాపాలూ అవీ చూస్తే నిద్రపోదని తల్లి భయం.

"అత్తయ్యది పుట్టిల్లు ఎక్కడ?" అని అడిగాను.

"సూళ్లూరుపేట."

అక్కడ తేలిపోయింది. అత్తయ్యకు అరవం మనకన్నా బాగా వస్తుంది. చెన్నై ఆమెకు సరే సరి. ఒంగోలు ఆమె లెక్చరర్, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఆమెకు లెక్క కాదు. పిల్లకు తాగుబోతు మొగుడి సీన్లు కొత్త సంగతేం కాదు, టీవీ సీరియళ్లలో అంతకన్నా ఎక్కువే చూస్తోంది. కాబట్టి 2017 నాటి 'మగళిర్ మట్టుం' శనివారం సాయంత్రం, ఎండ తగ్గాక. 'లాపతా లేడీస్' ఆదివారం పొద్దున, అత్తయ్య పూజలో ఉన్నప్పుడు, నలుగురూ మాత్రమే. ఒకే రాత్రి రెండు సినిమాలు పెట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. మొదటిది అయ్యాక మాటలు మొదలవుతాయి, ఆ మాటల కోసమే కదా చేరింది. రెండోదాని కోసం వాటిని ఆపేయడం ఎందుకు?

అత్తయ్య భానుప్రియ సీన్లు చూస్తూ తన తోడికోడళ్ల కథ ఒకటి మొదలుపెట్టిందట, సినిమాను అరగంట ఆపాల్సి వచ్చిందట. ఆ కథ కోడలికి పెళ్లయిన ఇన్నేళ్లలో తెలీదట.

పెట్టే ముందు చూసుకోవాల్సినవి

ఓటీటీలో సినిమాలు వస్తుంటాయి, పోతుంటాయి. శనివారం సాయంత్రం అందరూ కూర్చున్నాక వెతకడం మొదలుపెట్టకండి. శుక్రవారం రాత్రే పెట్టి, ఐదు నిమిషాలు నడిపి చూసుకోండి. సరైన సినిమానా, కావలసిన భాష ఆడియో ఉందా, సబ్‌టైటిల్స్ వస్తున్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. సినిమా మొదలయ్యేటప్పుడు మూలన 13+, 16+ అని వయసూ, దాని పక్కన హింస, అసభ్య భాష లాంటి కారణమూ రెండు సెకన్లు కనిపిస్తాయి. అందరూ అంకె చూసి వదిలేస్తారు, అసలు చదవాల్సింది ఆ పక్కనున్న కారణాన్ని. బూతు మాటలకు 16+ ఇచ్చినదానికీ, రక్తపాతానికి ఇచ్చినదానికీ మనకు చాలా తేడా.

సబ్‌టైటిల్స్ పరీక్ష టీవీ ముందు నిలబడి చేయకండి. గదిలో అందరికన్నా వెనకాల పడేది ఏ చోటో, గోడవారగా వేసే ప్లాస్టిక్ కుర్చీయో, మంచమో, అక్కడ కూర్చుని చదవండి. అక్కడి నుంచి కష్టంగా ఉంటే సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచుకోవాలి, అక్షరాల వెనక నల్ల పట్టీ కూడా పెట్టుకుంటే తెల్ల చీరల మీద, ఆకాశం మీద అక్షరాలు కనబడకపోవడం ఉండదు. పగటిపూటైతే కిటికీ వెలుగు టీవీ మీద పడకుండా తెర వేయాలి.

ఓటీటీలో విశ్రాంతి ఉండదు కాబట్టి మీరే ఒకటి పెట్టుకోండి. 'లాపతా లేడీస్'కైతే ఫూల్ టీ కొట్టులో కుదురుకున్నాక ఆపితే బాగుంటుంది, ఇటు జయ మీద అనుమానం కూడా ముదిరి ఉంటుంది, అందరికీ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. 'దోర్'ను మాత్రం రెండో సగంలో ఆపొద్దు.

ఇంకో మాట, తిండి గురించి. నెల్లూరులో నలుగురు చేరితే చేపల పులుసు తప్పదు, తెలుసు. కానీ సబ్‌టైటిల్స్ సినిమా ముందు కూర్చుని పులుసన్నం తినొద్దు. ముల్లు ఏరుకునేటప్పుడు కళ్లు కంచంలో ఉంటాయి, ఈలోపు రెండు ముఖ్యమైన మాటలు పోతాయి, లేదా ముల్లు గొంతులోకి పోతుంది. పులుసు సినిమాకు ముందు. సినిమా నడిచేటప్పుడు చూడకుండా చేత్తో తీసుకుని తినగలిగేవి పెట్టండి: మురుకులు, వేరుశనక్కాయలు, తీపి కావాలంటే మలైకాజా. దాని పాకం చేతికి అంటుతుంది, రిమోట్ మాత్రం పిల్లకు ఇచ్చేయండి.